ఊరు చేరుకున్నది ఎవరు: మీరా, చెరువా?

ప్రశ్న: మేడమ్, నేను బీఏ రెండో ఏడాది చదువుతున్నాను. ప్రాజెక్టు పనిలో భాగంగా పక్క ఊరి చెరువు మీద సర్వే చేసి తెలుగులో రిపోర్టు రాశాను. మా లెక్చరర్ గారు ఒక్క పేరాలోనే 8 చోట్ల ఎర్ర సిరాతో ‘అన్వయం కుదరలేదు’ అని రాసి తిరిగి ఇచ్చారు. ఎలా దిద్దుకోవాలో చెప్పలేదు. ‘వాన పడి చెరువు నిండినా’ అన్న చోట మాత్రం గీత పెట్టలేదు. అక్కడ కూడా పడింది వాన, నిండింది చెరువు, కర్తలు వేరే కదా? పేరా ఇది:

‘ఉదయం 8 గంటలకు ఊరు చేరుకుని చెరువు ఎండిపోయి ఉంది. గట్టు మీద నడుస్తూ తూము పగిలిపోయి కనిపించింది. పశువులను మేపుతూ ఇద్దరు రైతులను కలిశాం. వాళ్ళతో మాట్లాడి చాలా విషయాలు బయటపడ్డాయి. వాన పడి చెరువు నిండినా నీళ్ళు చివరి పొలాలకు అందవు. నాలుగు సార్లు కాలువ తెగిపోయిందని రైతులు అర్జీ పెట్టుకున్నారు. నీళ్ళు లేక చిన్న రైతులు మాత్రమే మొక్కజొన్న వేస్తున్నారు. ఎండిపోయిన రైతుల పొలాలను ఫొటోలు తీశాం. పట్టిక చూసి దిగుబడి తగ్గిందని తెలుస్తుంది.’

— ఒక విద్యార్థిని

జవాబు:

అమ్మా, ఇదే సంగతి ఆ సాయంత్రం ఇంటికెళ్ళి మీ అమ్మకు నోటితో చెప్పి ఉంటావు కదా. అప్పుడు ఎలా చెప్పావో ఒకసారి గుర్తు తెచ్చుకో. ‘ఊరెళ్ళి చూస్తే చెరువు ఎండిపోయి ఉందమ్మా’ అనే అంటావు. ‘ఊరెళ్ళి చెరువు ఎండిపోయి ఉంది’ అని నీ నోటికి రానే రాదు. మాటలో ఉన్న ఆ ‘చూస్తే’ రాతలోకి వచ్చేసరికి జారిపోయింది. రిపోర్టు కాబట్టి వాడుక మాటలు తగ్గించాలనుకుని నువ్వే తీసేసి ఉంటావు. నాకు దొరికిన పేపర్లలో చాలామంది చేసిన పని ఇదే. తీసేసిన మాట చిన్నదే కానీ వాక్యాన్ని నిలబెట్టిన మాట అదే. ఎలా నిలబెడుతుందో చెబుతాను.

అన్వయం అంటే వాక్యంలో ఏ మాట ఏ మాటతో కలుస్తుందో ఆ కలయిక. ఇంగ్లీషు క్లాసులో డాంగ్లింగ్ మాడిఫయర్, మిస్‌ప్లేస్డ్ మాడిఫయర్ అని రెండు పేర్లు విని ఉంటావు. మొదటిదానిలో ఒక మాట ఎవరితో కలవాలో ఆ మనిషి వాక్యంలో లేనే లేడు. రెండోదానిలో ఉన్నాడు కానీ మాట అతని పక్కన కాకుండా వేరొకరి పక్కన కూర్చుంది. నీ పేరాలో రెండూ ఉన్నాయి. మొదటి రకాన్ని ముందు చూద్దాం.

పదో తరగతిలో సంక్లిష్ట వాక్యాల దగ్గర క్త్వార్థకం, శత్రర్థకం, చేదర్థకం, అప్యర్థకం అని నేర్పారు కదా. చాలామంది వాటిని మార్కుల కోసం బట్టీపట్టి వదిలేస్తారు. ఆ పేర్లు ఊరికే పెట్టినవి కావు. సంస్కృతంలో ‘గత్వా’ అంటే వెళ్ళి, ‘కృత్వా’ అంటే చేసి. చివర ఉన్న ఆ ‘క్త్వా’ అనే ప్రత్యయం అర్థాన్ని మన భాషలో ‘వెళ్ళి, చేసి, చేరుకుని’ లాంటి రూపాలు ఇస్తాయి కనుక వాటిని క్త్వార్థకాలు అన్నారు. ఈ ప్రత్యయాన్ని ఎప్పుడు వాడాలో పాణిని అష్టాధ్యాయి మూడో అధ్యాయం నాలుగో పాదం 21వ సూత్రంలో రెండే మాటల్లో చెప్పాడు: ‘సమానకర్తృకయోః పూర్వకాలే’. రెండు పనులకూ చేసేవాడు ఒక్కడే అయి ఉండాలి, వాటిలో ముందు జరిగిన పనికి ఈ రూపం రావాలి. సూత్రం సంస్కృతం కోసం చేసిందే అయినా తెలుగులో ‘వెళ్ళి, చేసి’ వాడేటప్పుడూ మన చెవి మొదట ఆశించేది అదే. ‘అన్నం తిని పడుకున్నాడు’ అంటే తిన్నదీ పడుకున్నదీ ఒక్కడే అని మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు నీ మొదటి వాక్యం. ‘ఊరు చేరుకుని చెరువు ఎండిపోయి ఉంది.’ ఇందులో ‘మేం’ లేదు. తెలుగులో ‘మేం’ అని రాయకపోయినా తప్పు లేదు, ఎందుకంటే క్రియ తోకే మనిషిని చెబుతుంది. ‘చూశాం’ అంటే ఆ ‘ఆం’ లోనే మేం ఉన్నాం. కానీ నీ వాక్యం చివర ‘ఉంది’ అని ఉంది. ఆ తోక చూపించేది చెరువును. వాక్యం మొత్తంలో మిమ్మల్ని చూపించే గుర్తు ఒక్కటీ లేదు. అందుకని ‘చేరుకుని’ అన్న పనికి చదివేవాడు కర్తను వెతుక్కుంటే దొరికేది చెరువే. ఉదయం 8 గంటలకు ఊరు చేరుకున్నది చెరువు అయిపోయింది.

దిద్దడానికి దారులు రెండు. ఒకటి, చివరి క్రియను మీ వైపు తిప్పడం: ‘ఊరు చేరుకుని ఎండిపోయిన చెరువును చూశాం.’ చేరుకున్నది మీరు, చూసింది మీరు, తోకలో ‘ఆం’ ఉంది. రెండోది, నువ్వు మీ అమ్మతో చెప్పినట్టే: ‘ఊరు చేరుకుని చూస్తే చెరువు ఎండిపోయి ఉంది.’ ఈ రెండోది ఎలా కుదిరిందో గమనించు. ‘చేరుకుని’కి జంట ఇప్పుడు ‘ఉంది’ కాదు, పక్కనే ఉన్న ‘చూస్తే’. చేరుకున్నవాళ్ళే చూశారు కనుక ఆ ముడి సరిపోయింది. ‘చూస్తే’ చేదర్థకం. దానికి తర్వాతి క్రియ కర్తే తన కర్త కావాలన్న పట్టుదల లేదు. ‘నువ్వు వస్తే నేను వెళ్తాను’ అంటాం కదా, కర్తలు వేరైనా ఇబ్బంది లేదు. అంటే ‘చూస్తే’ ఒక చేత్తో మిమ్మల్ని, ఇంకో చేత్తో చెరువును పట్టుకుని మధ్యలో నిలబడింది. నాకైతే ఇదే ఎక్కువ ఇష్టం. మొదటి దిద్దుబాటు శుభ్రంగానే ఉంది కానీ, వెళ్ళి చూసేసరికి నీళ్ళు లేవన్న ఆ క్షణం రెండోదానిలోనే కనిపిస్తుంది.

నీ చివరి వాక్యానికీ ఇదే మందు. ‘పట్టిక చూసి దిగుబడి తగ్గిందని తెలుస్తుంది’ అన్నావు. పట్టిక చూసేది ఎవరు? ఎవరైనా సరే. అలా ఎవరైనా చేయగల పనికి ‘చూస్తే’ సరిగ్గా సరిపోతుంది: ‘పట్టిక చూస్తే దిగుబడి తగ్గిందని తెలుస్తుంది.’ ఒక్క అక్షరం మార్పు.

రెండో వాక్యం శత్రర్థకం. ‘గట్టు మీద నడుస్తూ తూము పగిలిపోయి కనిపించింది.’ ‘తూ’ అన్న రూపం ‘చేసి’ కన్నా గట్టిది. ఒకే మనిషి ఒకే సమయంలో రెండు పనులు చేస్తున్నాడని చెబుతుంది. ‘పాడుతూ నడిచింది’ అంటే పాట ఆమెదే, నడక ఆమెదే. నీ వాక్యంలో కనిపించింది తూము, కాబట్టి గట్టు మీద నడిచిందీ తూమే అవుతోంది. ‘తూ’కు ‘ఉంటే’ను కలిపి చూడు: ‘గట్టు మీద నడుస్తుంటే తూము పగిలిపోయి కనిపించింది.’ ఇప్పుడు నడిచేవాళ్ళు వేరు, కనిపించింది వేరు అయినా సమస్య లేదు. ఒకసారి ఒక అబ్బాయి ‘సైకిలు తొక్కుతూ కుక్క కరిచింది’ అని రాశాడు. వాడి చేతనే వాక్యాన్ని గట్టిగా చదివించాను. రెండోసారి చదువుతూ మధ్యలో ఆగి, నేనేమీ చెప్పకముందే ‘తొక్కుతుంటే’ అని దిద్దుకున్నాడు. నోటికి తెలుసు, చేతికి తెలియలేదు అంతే.

ఇక్కడ ఒక సందేహం నీకు రావచ్చు. ‘గట్టు మీద నడుస్తూ మాకు తూము కనిపించింది’ అని ‘మాకు’ చేరిస్తే సరిపోదా? కొంత నయమే, కానీ నేను ఒప్పుకోను. ‘ఆ మాట విని మాకు బాధ కలిగింది’ అన్నది చక్కటి తెలుగు. అక్కడ విన్నది మేమే, బాధ పడింది మేమే, ‘మాకు’ అన్నా లోపల ఉన్నది కర్తే. కోపం, నవ్వు, నిద్ర, ఆకలి ఇలాంటివన్నీ అలాగే నడుస్తాయి. తూము కనిపించడంలో సంగతి తూముది, మనం పక్కనున్నవాళ్ళం. అందుకే అక్కడ ‘నడుస్తుంటే’నే రాయి.

మూడోది చూడ్డానికి అలాగే ఉన్నా జబ్బు వేరు. ‘పశువులను మేపుతూ ఇద్దరు రైతులను కలిశాం.’ ఇందులో ‘కలిశాం’ అని మీరు ఉన్నారు, కాబట్టి కర్త లేకపోవడం కాదు సమస్య. ‘మేపుతూ’ నేరుగా వెళ్ళి ఆ ‘ఆం’ను పట్టుకుంది. సర్వేకు వెళ్ళిన మీరే పశువులను మేపుతున్నారని తేలింది. ‘తూ’ ఎప్పుడూ వాక్యం కర్తదే, ‘ను’ తగిలించుకున్న కర్మది కాదు. రైతులు చేస్తున్న పనిని చెప్పాలంటే దాన్ని రైతుల ముందు విశేషణంగా పెట్టాలి: ‘పశువులను మేపుతున్న ఇద్దరు రైతులను కలిశాం.’ ‘పోలీసులు పారిపోతూ దొంగను పట్టుకున్నారు’ అని రాస్తే పారిపోయింది పోలీసులు. ‘పారిపోతున్న దొంగను పట్టుకున్నారు’ అంటేనే న్యాయం.

‘వాళ్ళతో మాట్లాడి చాలా విషయాలు బయటపడ్డాయి’ అన్నదాన్ని ఇప్పుడు నువ్వే దిద్దగలవు. తోక ‘ఆయి’, అది విషయాలది. విషయాలు రైతులతో మాట్లాడలేదు. ‘మాట్లాడితే చాలా విషయాలు బయటపడ్డాయి’ అనొచ్చు, ‘మాట్లాడి చాలా విషయాలు తెలుసుకున్నాం’ అనొచ్చు. సర్వే చేసి తెలుసుకున్న పని మీది కనుక రిపోర్టులో నేను రెండోది రాస్తాను.

ఇక నువ్వు అడిగిన అసలు ప్రశ్న, ‘వాన పడి చెరువు నిండినా’. అడిగినందుకు నాకు చాలా సంతోషంగా ఉంది, ఎందుకంటే సూత్రం అప్పజెప్పేవాళ్ళు ఇక్కడికి రారు. పాణిని సూత్రాన్ని అక్షరాలా పట్టుకుంటే ఇది తప్పు కావాలి. కానీ తెలుగు దీన్ని ఒప్పుకుంటుంది, ఎప్పటినుంచో ఒప్పుకుంటోంది. ‘గాలి వీచి కొమ్మ విరిగింది’, ‘పాము కరిచి ఎద్దు చచ్చిపోయింది’, ‘ఎండ తగిలి పిల్లాడికి జ్వరం వచ్చింది’, పేపర్లో రోజూ చూసే ‘లారీ ఢీకొని ఇద్దరి మృతి’. వీటన్నిటిలో కర్తలు వేరే. మరి ఏం కలుపుతోంది? మొదటిది జరగడం వల్లే రెండోది జరిగింది. పైగా మొదటి పని ఎవరిదో ఆ పక్కనే రాసి ఉంది: వాన, గాలి, పాము, ఎండ, లారీ. చదివేవాడు కర్తను వెతుక్కోనక్కర్లేదు. ఈ రెండూ ఉన్నప్పుడు ‘చేసి’ రూపం కారణాన్ని చెప్పే మాటగా మారుతుంది. నీ పేరాలో ‘నీళ్ళు లేక చిన్న రైతులు’ అన్నదీ ఈ కోవలోదే. లేనివి నీళ్ళు, పంట వేసింది రైతులు, అయినా అందులో ఆ భాగం సరైనదే. నీళ్ళు లేకపోవడమే కారణం.

ఇదే వెలుగులో మొదటి వాక్యాన్ని మళ్ళీ చూడు. ‘మేం’ అని చేర్చి, ‘మేం ఊరు చేరుకుని చెరువు ఎండిపోయింది’ అని రాశావనుకో. కర్త ఉన్నాడు, అయినా కుదరదు సరికదా ఇంకా పాడైంది. కర్తలు వేరైన చోట తెలుగు చెవి కారణాన్ని వెతుకుతుంది, మీరు రావడం వల్లే చెరువు ఎండిపోయిందన్న అర్థం వస్తుంది. కాబట్టి దిద్దుకునేటప్పుడు ముందు ‘ఈ రెండు పనులూ చేసింది ఒక్కరేనా?’ అని అడుగు. కాదు అని వస్తే, ‘మొదటిదాని వల్లే రెండోది జరిగిందా?’ అని అడుగు. రెండిటికీ కాదనే జవాబు వస్తే ఆ ‘చేసి’ అక్కడ ఉండకూడదు. దాని చోట ‘చేస్తే’, ‘చేయగానే’, ‘చేసేసరికి’, ‘చేసినప్పుడు’ వీటిలో నీ అర్థానికి తగినది పెట్టు. ఈ నాలుగూ వేరే కర్తను ఇబ్బంది లేకుండా మోస్తాయి. ‘బస్సు దిగి వాన మొదలైంది’ తప్పు, ‘బస్సు దిగగానే వాన మొదలైంది’ ఒప్పు.

‘డంతో’ జోలికి మాత్రం ఆలోచించి వెళ్ళు. అన్వయం కుదరలేదంటే చాలామంది పిల్లలు మొదట అందుకునే మందు అదే, వార్తల భాష ప్రభావం. ‘డంతో’ కూడా కారణాన్నే చెబుతుంది. ‘ఊరు చేరుకోవడంతో చెరువు ఎండిపోయి ఉంది’ అంటే పాత తప్పు ఇంకో చొక్కా తొడుక్కుంది అంతే.

రిపోర్టుల్లో ‘మేం’ కనిపించకూడదని కొందరు అధ్యాపకులు చెబుతారు. అప్పుడు పిల్లలు ‘ప్రశ్నలు తయారుచేసి 40 కుటుంబాలు ఎంపిక చేయబడ్డాయి’ అని రాస్తారు. ప్రశ్నలు తయారుచేసింది ఆ 40 కుటుంబాలే అయిపోతాయి. ‘బడు’ పెట్టగానే కర్త వాక్యంలోంచి వెళ్ళిపోయాడు, ‘తయారుచేసి’ మాత్రం అతని కోసం ఎదురుచూస్తూ అక్కడే మిగిలింది. ‘ప్రశ్నలు తయారుచేసి 40 కుటుంబాలను ఎంపిక చేశాం’ అని రాయి. ‘మేం’ అన్న మాట లేదు, అన్వయం ఉంది. అదీ వద్దంటే ‘ఎంపిక చేయడం జరిగింది’ అని రాయొచ్చు. ఆ ‘జరిగింది’ నాకు బరువుగా తోస్తుంది కానీ అన్వయ దోషం కాదు, ‘తయారుచేసి’కి ‘చేయడం’ అక్కడే జంటగా ఉంది.

మిగిలిన మూడూ రెండో రకం, మాట తప్పు చోట కూర్చోవడం. మన పాత వాళ్ళు కావ్యాల్లో ఇలాంటిదాన్ని దూరాన్వయం అన్నారు. పద్యంలో యతిప్రాసల కోసం మాటలు అటూ ఇటూ కదిలితే పండితుడు ప్రతిపదార్థం చెబుతూ మళ్ళీ దగ్గరికి చేరుస్తాడు. నీ రిపోర్టుకు ఆ పండితుడు ఉండడు, చదివేవాడు ఎలా కలిపితే అలాగే మిగులుతుంది.

‘ఎండిపోయిన రైతుల పొలాలు’ చూడు. తెలుగులో విశేషణం తన కుడి పక్కన మొదట దొరికిన నామవాచకాన్ని పట్టుకుంటుంది. దొరికింది ‘రైతుల’. ఎండిపోయింది రైతులు అయ్యారు, పొలాలు కాదు. ఈ వాక్యాన్ని ‘రైతుల ఎండిపోయిన పొలాలు’ అని తిప్పితే వ్యాకరణం కుదురుతుంది కానీ మాట కుంటుతుంది, అలా ఎవరూ అనరు. ఆ ఊళ్ళో పొలాలు రైతులవి కాక ఇంకెవరివి? ‘రైతుల’ తీసేస్తే చాలు: ‘ఎండిపోయిన పొలాలను ఫొటోలు తీశాం.’ ఫలానా వాళ్ళ పొలాలు అని చెప్పి తీరాలంటే విశేషణాన్నే క్రియ చేసుకో: ‘చివరి ఆయకట్టు రైతుల పొలాలు ఎండిపోయాయి. వాటిని ఫొటోలు తీశాం.’ రెండు వాక్యాలైతే నష్టమేమీ లేదు. మధ్యలో కామా పెట్టి ‘ఎండిపోయిన, రైతుల పొలాలు’ అని రాసేవాళ్ళూ ఉన్నారు, దానితో ఏమీ మారదు.

ఇక్కడా ఒక హద్దు ఉంది. ‘మంచి ఆవునెయ్యి’ అంటే ఆవు మంచిదని ఎవరూ అనుకోరు. ఆవునెయ్యి ఒకే వస్తువు పేరుగా గడ్డకట్టింది కనుక ‘మంచి’ మొత్తానికి వర్తిస్తుంది. ‘కొత్త రైతుబజారు’ కూడా అంతే. కానీ ‘రైతుల పొలాలు’ అలా ఒక్క పేరుగా కలవలేదు, మధ్యలో ‘ల’ ఉండి రెండిటినీ విడిగా నిలబెట్టింది. ‘పాత కలెక్టరు బంగళా’ లాంటివి మధ్యలో వేలాడతాయి. పాత వాడు కలెక్టరా, పాతది బంగళానా అన్నది నోటితో చెప్పేటప్పుడు ఎక్కడ ఆగామో దాన్నిబట్టి తెలుస్తుంది. కాగితం మీద ఆ ఆగడం ఉండదు, అందుకే ‘కలెక్టరు గారి పాత బంగళా’ అని రాసుకోవాలి.

విశేషణం కుడి పక్కను పట్టుకుంటే ‘మాత్రమే’ ఎడమ పక్కను పట్టుకుంటుంది. నువ్వు రాసింది ‘చిన్న రైతులు మాత్రమే మొక్కజొన్న వేస్తున్నారు’. అంటే పెద్ద రైతులెవరూ మొక్కజొన్న వేయడం లేదని. నీళ్ళు లేక వరి మానేసి మొక్కజొన్నతో సరిపెట్టుకుంటున్నారని నువ్వు చెప్పదలుచుకున్నావని పేరాను బట్టి నాకు అర్థమైంది. అయితే ‘చిన్న రైతులు మొక్కజొన్న మాత్రమే వేస్తున్నారు’ అనాలి. ‘కూడా’, చివర వచ్చే ‘ఏ’ కూడా ఇలాగే పక్కనున్న ఎడమ మాటకు అంటుకుంటాయి. ‘రైతులే అర్జీ పెట్టుకున్నారు’ వేరు, ‘రైతులు అర్జీయే పెట్టుకున్నారు’ వేరు.

‘నాలుగు సార్లు కాలువ తెగిపోయిందని రైతులు అర్జీ పెట్టుకున్నారు’ అన్న వాక్యాన్ని నేనెక్కువగా పట్టించుకున్నాను. మిగతావాటిలో నువ్వేం చెప్పదలిచావో చదివేవాడు నవ్వుకుని అయినా ఊహిస్తాడు, చెరువు నడవదని అందరికీ తెలుసు. ఇక్కడ ఊహించడానికి వీలు లేదు, రెండు అర్థాలూ జరగదగ్గవే. వాక్యంలో రెండు క్రియలున్నాయి, తెగిపోవడం ఒకటి, అర్జీ పెట్టుకోవడం ఒకటి. ముందున్న ‘నాలుగు సార్లు’ను చదివేవాడు తనకు మొదట ఎదురైన ‘తెగిపోయింది’తోనే కలుపుకుంటాడు. నువ్వు అర్జీల లెక్క చెప్పావేమో, అతను గండ్ల లెక్క అనుకున్నాడు. కాలువకు నాలుగు సార్లు గండి పడటం కాలువ కట్టడంలోని సంగతి, నాలుగు అర్జీలకూ పని జరగకపోవడం ఆఫీసులోని సంగతి. లెక్క ఏ క్రియదో ఆ క్రియకు సరిగ్గా ముందు పెట్టు. ‘కాలువ నాలుగు సార్లు తెగిపోయిందని రైతులు అర్జీ పెట్టుకున్నారు’ అని గానీ, ‘కాలువ తెగిపోయిందని రైతులు నాలుగు సార్లు అర్జీ పెట్టుకున్నారు’ అని గానీ. నిన్న, పోయిన ఏడాది, రోజూ, మళ్ళీ, సరిగ్గా అన్నవాటికీ ఇదే పద్ధతి. ‘పోయిన ఏడాది పూడిక తీశామని అధికారులు చెప్పారు’ అంటే పూడిక తీసింది పోయిన ఏడాదా, ఆ మాట చెప్పింది పోయిన ఏడాదా?

మొత్తం పేరా దిద్దితే ఇలా ఉంటుంది. నీ మాటలను వీలైనంతవరకు కదపలేదు:

‘ఉదయం 8 గంటలకు ఊరు చేరుకుని చూస్తే చెరువు ఎండిపోయి ఉంది. గట్టు మీద నడుస్తుంటే తూము పగిలిపోయి కనిపించింది. పశువులను మేపుతున్న ఇద్దరు రైతులను కలిశాం. వాళ్ళతో మాట్లాడి చాలా విషయాలు తెలుసుకున్నాం. వాన పడి చెరువు నిండినా నీళ్ళు చివరి పొలాలకు అందవు. కాలువ తెగిపోయిందని రైతులు నాలుగు సార్లు అర్జీ పెట్టుకున్నారు. నీళ్ళు లేక చిన్న రైతులు మొక్కజొన్న మాత్రమే వేస్తున్నారు. ఎండిపోయిన పొలాలను ఫొటోలు తీశాం. పట్టిక చూస్తే దిగుబడి తగ్గిందని తెలుస్తుంది.’

మిగతా పేజీలు నువ్వే చూసుకో. పెన్సిలు తీసుకుని ‘ఇ’తో, ‘తూ’తో, ‘క’తో, ‘కుండా’తో ఆగిన ప్రతి క్రియ కింద గీత గీయి, ఆ వాక్యం చివరి క్రియ తోకను సున్నా చుట్టు. గీతకూ సున్నాకూ మనిషి ఒక్కడేనా అని చూడు. చూసేటప్పుడు ఒక్క జాగ్రత్త. ‘చేరుకుని చూస్తే చెరువు ఎండిపోయి ఉంది’ లాంటి చోట ‘చేరుకుని’ని చివరి ‘ఉంది’తో కాదు, తన తర్వాత వచ్చే ‘చూస్తే’తో పోల్చాలి. లేకపోతే సరైన వాక్యాన్ని కూడా తప్పని కొట్టేస్తావు. పేజీకి ఐదు నిమిషాలు పడుతుంది, రెండు మూడు పేజీలయ్యాక పెన్సిలు లేకుండానే కనిపిస్తాయి.

అర్జీల వాక్యంలో నేను రెండో అర్థాన్ని ఎంచుకున్నాను, అది నా ఊహ మాత్రమే. ఆ రోజు నువ్వు రాసుకున్న నోట్సు తీసి చూడు. అందులోనూ ఇలాగే రాసి ఉంటే ఆ రైతులకు ఒకసారి ఫోన్ చేసి, తెగింది నాలుగు సార్లా, అర్జీ ఇచ్చింది నాలుగు సార్లా అని అడిగి, ఆ తర్వాతే రిపోర్టు ఇవ్వు.